సాయం చేశాక మనకు హాయిగా ఉంటే అది స్వార్థమేనా?

ప్రశ్న: "నేను మూడు నెలలకోసారి రక్తం ఇస్తాను. మా ఫ్రెండ్ ఏమంటాడంటే, ఇచ్చాక నీకు హాయిగా ఉంటుంది కదా, ఆ హాయి కోసమే ఇస్తున్నావు, కాబట్టి నీదీ స్వార్థమే, లోకంలో నిస్వార్థ సాయం అనేది లేదు అని. వాదనలో ప్రతిసారీ నేనే ఓడిపోతున్నా. సైకాలజీలో దీనికి తేలిన జవాబు ఏమైనా ఉందా?"

సైకాలజీ పాఠాలు చెప్పి ఇరవై ఏళ్లు దాటింది. ప్రతి బ్యాచ్‌లోనూ మీ ఫ్రెండ్ లాంటివాడు ఒకడు ఉంటాడు, సాధారణంగా వెనక బెంచీలో. వాడితో నేను హాయి ఉందా లేదా అన్న దాని మీద వాదించను. ఉంటుందని ముందే ఒప్పేసుకుంటాను. పుణ్యానికి పుణ్యం, పురుషార్థానికి పురుషార్థం అని మనవాళ్లు ఊరికే అనలేదు. గొడవంతా ఆ హాయి మీ గురి అయి ఉందా, లేక గురి వేరే ఉంటే దారిలో దొరికిందా అన్న దగ్గర. మీరు విజయవాడ వెళ్లడానికి రైలెక్కారు, కిటికీలోంచి గోదావరి కనిపించింది, చాలా బాగుంది. అంతమాత్రాన గోదావరి చూడ్డానికే రైలెక్కారని ఎవరూ అనరు కదా. మీ ఫ్రెండ్ చేస్తున్నది సరిగ్గా అదే. ఫలితాన్ని పట్టుకొచ్చి ఉద్దేశం అని పేరు పెడుతున్నాడు.

అయితే ఇక్కడితో గెలిచేశామనుకోకండి. తేడా ఉంది అని చెప్పడం సులువు, ఒక మనిషి నిజంగా సాయం చేసినప్పుడు రెండింట్లో ఏది జరిగిందో తేల్చడం కష్టం. మనిషిని అడిగితే లాభం లేదు, ఎవరైనా తన గురించి మంచిగానే చెప్పుకుంటారు, పైగా తనకే తెలియకపోవచ్చు. 17వ శతాబ్దపు ఇంగ్లిష్ తత్వవేత్త థామస్ హాబ్స్ గురించి ఒక కథ చెప్తారు. మనుషులంతా స్వార్థపరులే అని రాసినాయన లండన్ వీధిలో ముసలి బిచ్చగాడికి డబ్బులిచ్చాడట. పక్కనున్న మతగురువు ఎందుకిచ్చావని అడిగితే, ఆ ముసలాయన అవస్థ చూస్తుంటే నాకు బాధగా ఉంది, ఇస్తే ఆయనకీ కాస్త తెరిపి, నాకూ తెరిపి అన్నాడట. మన భాషలో ఇదే మాట రోజూ వింటాం: "చూడలేకపోయానండీ, అందుకే ఇచ్చేశా." చూడలేకపోవడం అన్న మాటని కాస్త పట్టి చూడండి. అందులో కష్టం ఎవరిది?

ఈ "చూడలేకపోవడం" ఏమిటో నాకు ఒకసారి బాగా తెలిసొచ్చింది. అమ్మని జనరల్ వార్డులో చేర్చినప్పుడు పక్క మంచం మీద ఒక పెద్దావిడ, తోడు ఎవరూ లేరు, రాత్రంతా మూలుగుతూనే ఉంది. నేను సైకాలజీ పాఠాలు చెప్పేవాణ్ణి, ఎంత మంచివాణ్ణో చూడండి: లేచి మధ్యలో ఉన్న ఆకుపచ్చ కర్టెన్ లాగేశాను. మూలుగు వినిపిస్తూనే ఉంది కానీ ఆ మొహం కనిపించడం మానేసింది, నాకు కొంచెం నయమనిపించింది. ఆ తర్వాత అమ్మే "ఆవిడకి దాహంగా ఉందేమోరా, చూడు" అంది. అమ్మకి కర్టెన్ వేసినా వేయకపోయినా ఒకటే, ఆవిడ దాహం తీరలేదు కదా మరి.

నాకూ అమ్మకూ మధ్య ఉన్న ఈ తేడానే డేనియల్ బాట్సన్ అనే ఆయన ప్రయోగంగా మార్చాడు. అమెరికాలో కాన్సాస్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్‌గా ఉండేవాడు, జీవితంలో చాలా భాగం ఈ ఒక్క ప్రశ్న మీదే పనిచేశాడు. ఎదుటివాళ్ల కష్టం చూసినప్పుడు మనలో పుట్టేది ఒకటి కాదు, రెండు అంటాడు. ఒకటి మన సొంత కలవరం: కంగారు, చికాకు, ఒళ్లు జలదరించడం. రెండోది వాళ్ల మీదకు పోయే సహానుభూతి: జాలి, కనికరం, మనసు కరగడం. రెండూ ఒకేసారి ఉండొచ్చు, కానీ అవి కోరుకునేది వేరు. కలవరానికి కావలసింది కలవరం ఆగిపోవడం. అది సాయం చేసినా ఆగుతుంది, కర్టెన్ వేసినా ఆగుతుంది, కర్టెన్ చవక. సహానుభూతికి కావలసింది అవతలి మనిషి కష్టం తీరడం, దానికి కర్టెన్ పనికిరాదు. కాబట్టి మనిషి ఎందుకు సాయం చేస్తున్నాడో తెలియాలంటే అడగొద్దు, పక్కన ఒక తలుపు తెరిచి పెట్టి వెళ్లిపోతాడో లేదో చూడు. ఇంతకన్నా తెలివైన ఆలోచన మా సబ్జెక్టులో ఎక్కువ లేవని నా అభిప్రాయం.

1981లో ఆయన, మరో నలుగురు కలిసి అచ్చు వేసిన ప్రయోగం ఇలా సాగుతుంది. కాలేజీలో సైకాలజీ మొదలుపెట్టిన 44 మంది అమ్మాయిల్ని ఒక్కొక్కరిగా పిలిచారు. ఇబ్బందికర పరిస్థితుల్లో మనిషి పని ఎలా చేస్తాడో చూస్తున్నాం, ఇద్దరిలో ఒకరు పని చేస్తారు, ఒకరు గమనిస్తారు అని చెప్పి చీటీ తీయించారు. చీటీ ఎప్పుడూ గమనించే పనే ఇస్తుంది. పని చేసే అమ్మాయి పేరు ఎలైన్, టీవీలో కనిపిస్తుంది. అంకెలు గుర్తుపెట్టుకుని చెప్తుంటే మధ్యమధ్యలో కరెంటు షాకులు ఇస్తుంటారు. నిజానికి అది ముందే తీసిన వీడియో, ఎలైన్ నటిస్తోంది, షాకులు లేవు. చూస్తున్న అమ్మాయికి అదేమీ తెలియదు.

మొదటి షాకుల నుంచే ఎలైన్ బాగా అవస్థ పడుతుంది. రెండో విడత అయ్యాక పని చేయిస్తున్న అసిస్టెంట్ ఆపి, ఏమైందని అడుగుతుంది. చిన్నప్పుడు గుర్రం మీంచి కరెంటు కంచె మీద పడ్డాననీ, కొద్దిపాటి షాకుకి కూడా నువ్వు ఎక్కువగా బాధపడొచ్చని డాక్టరు అప్పుడే చెప్పాడనీ ఎలైన్ చెప్తుంది. ఆపేద్దామంటే వద్దు, మాటిచ్చాను, పూర్తి చేస్తానంటుంది. అప్పుడు అసిస్టెంటుకి ఒక ఆలోచన వస్తుంది, గమనిస్తున్న అమ్మాయి నీ స్థానంలోకి వస్తుందేమో అడుగుదామా అని. టీవీ ఆగిపోతుంది, ప్రయోగం చేసేవాళ్లు గదిలోకి వచ్చి అడుగుతారు: మిగిలిన షాకులు మీరు తీసుకుంటారా?

ఇందులో రెండు మెలికలున్నాయి. మొదటిది తలుపు. సగం మందికి, మీరు మొదటి రెండు విడతలు చూస్తే చాలు అని ముందే చెప్పారు, అంటే ఒప్పుకోకపోతే లేచి వెళ్లిపోవచ్చు. మిగతా సగం మందికి మొత్తం పదీ చూడాలన్నారు, అంటే ఒప్పుకోకపోతే కూర్చుని ఆ పిల్ల గిలగిల్లాడడం చివరిదాకా చూడాలి. రెండో మెలిక సహానుభూతి. ఎలైన్ నింపిందని చెప్పి ఒక ఫారం ముందే ఇచ్చారు, ఇష్టాయిష్టాలు, విలువలు అడిగే ఫారం. కొందరికి ఆమె జవాబులు అచ్చం తమలాగే ఉంటాయి, కొందరికి పూర్తిగా తిరగబడి ఉంటాయి. తనలాంటిదే అనిపించిన మనిషి మీద మనసు ఎక్కువ కరుగుతుందని ఆయన లెక్క.

నేను క్లాసులో ఇక్కడ ఆపి, బోర్డు మీద నాలుగు గళ్లు గీసి, ఏ గడిలో ఎంతమంది ఒప్పుకునుంటారో రాయమంటాను. వెళ్లిపోయే వీలున్న రెండు గళ్లలోనూ పిల్లలు చిన్న అంకెలే వేస్తారు. అసలు లెక్క ఇది. ఎలైన్ తమలాంటిది కాదు అనుకున్నవాళ్లలో, చివరిదాకా చూడక తప్పనప్పుడు 64 శాతం ఒప్పుకున్నారు, వెళ్లిపోయే వీలుంటే 18 శాతమే. తలుపు తెరవగానే పోయారన్నమాట, కర్టెన్ బ్యాచ్, నాలాంటివాళ్లు. ఇక తమలాంటిదే అనుకున్నవాళ్లలో, చూడక తప్పనప్పుడు 82 శాతం, వెళ్లిపోయే వీలున్నప్పుడు 91 శాతం. తలుపు తెరిచినా తగ్గలేదు. ఒక్కో గడిలో 11 మందే ఉన్నారు కాబట్టి 82కీ 91కీ తేడా ఒక్క మనిషి, దానికి అర్థాలు వెతక్కండి. చూడాల్సింది ఆ 18 ఒక్కటే మిగతా మూడింటికి దూరంగా పడిపోవడం.

మీ ఫ్రెండుకి ఇది చెప్తే, వాడు తెలివైనవాడైతే వెంటనే ఒక మాట అంటాడు: "గదిలోంచి వెళ్లిపోతే కళ్లముందు నుంచి పోతుందేమో, బుర్రలోంచి పోతుందా? ఇంటికెళ్లాక కూడా ఆ పిల్ల గుర్తొచ్చి దిగులేస్తుంది, ఆ దిగులు పోగొట్టుకోడానికే ఒప్పుకున్నారు." ఇది చాలా మంచి అభ్యంతరం. రాబర్ట్ చాల్డీని అనే ఇంకో అమెరికన్ సైకాలజిస్టు అన్నది ఇంచుమించు ఇదే. జాలిపడినప్పుడు మనకు దిగులు కూడా వస్తుంది, సాయం చేస్తే దిగులు పోతుందని చిన్నప్పటి నుంచి నేర్చుకుని ఉంటాం, అందుకే చేస్తాం అన్నది ఆయన వాదన.

ఆయన బృందం 1987లో దీన్ని పరీక్షించిన తీరు కూడా సరదాగా ఉంటుంది. ఒక మాత్ర ఇచ్చి, దీని ప్రభావం వల్ల కాసేపు మీ మూడ్ ఎలా ఉందో అలాగే గడ్డకట్టి ఉంటుంది, ఏం చేసినా మారదు అని నమ్మించారు. అందులో మందేమీ లేదు. ఇప్పుడు ఆలోచించండి. దిగులు పోగొట్టుకోడానికే సాయం చేసేవాడైతే, ఎలాగూ దిగులు పోదని తెలిశాక ఎందుకు చేస్తాడు? నిజంగా అవతలివాళ్ల కోసమైతే మాత్రతో పనేముంది, చేస్తాడు. చాల్డీనివాళ్ల ప్రయోగంలో, మూడ్ మారదని నమ్మినవాళ్లలో జాలిపడినా సాయం పెరగలేదు. అంటే స్వార్థం పక్షం గెలిచినట్టు. కానీ మరుసటి ఏడాదే, 1988లో, డేవిడ్ ష్రోడర్, జాన్ డొవిడియో వాళ్లు అదే మాత్ర ఉపాయంతో చేస్తే ఫలితాలు బాట్సన్ వైపు మొగ్గాయి: మూడ్ గడ్డకట్టిందని నమ్మినా, జాలిపడినవాళ్లు సాయానికి వచ్చారు. ఆ తర్వాత బాట్సన్ మాత్ర లేకుండా ఇంకో దారి పట్టాడు. కొద్దిసేపట్లో మీ మనసు తేలికపడే వీడియో ఒకటి చూపిస్తామని ముందే చెప్పాడు. ఎలాగూ కాసేపట్లో దిగులు పోతుందంటే సాయం చేసి పోగొట్టుకునే అవసరం లేదుగా. అయినా జాలిపడినవాళ్లు తగ్గలేదు.

మాత్ర ప్రయోగాల మీద నాకెప్పుడూ కొంచెం అనుమానమే. మీకు మాత్ర ఇచ్చి మూడ్ మారదు అని చెప్తే మీ దృష్టి అవతలి మనిషి మీద ఉంటుందా, మీ ఒంట్లో ఏం జరుగుతోందన్న దాని మీద ఉంటుందా? నేనైతే నాడి చూసుకుంటూ కూర్చుంటాను. చాల్డీని ఫలితానికి ఇదీ ఒక కారణం కావచ్చని ఆ రోజుల్లోనే కొందరు అన్నారు.

వీటన్నిట్లో నాకు నచ్చినది, వాదనలో మీకు బాగా పనికొచ్చేది ఇంకోటి ఉంది. 1988లో బాట్సన్ బృందం ఒకే వ్యాసంలో ఐదు ప్రయోగాలు వేసింది. మొదటి దాంట్లో, మీరు ఒక చిన్న పని బాగా చేస్తే అవతలి మనిషికి షాకులు తప్పుతాయి అని చెప్తారు. తర్వాత కొందరికి, మీరు ఆ పని చేయక్కర్లేదు అంటారు. వాళ్లలో మళ్లీ కొందరికి, మీ ప్రమేయం లేకుండానే ఆ మనిషికి షాకులు తప్పిపోయాయి అని తెలుస్తుంది. ఆ తర్వాత వాళ్ల మూడ్ కొలుస్తారు. సాయం చేసిన తృప్తి కోసం, నేను మంచివాణ్ణి అనిపించుకోడం కోసం ఎదురుచూస్తున్నవాడైతే, ఆ అవకాశం చేజారిపోయినందుకు కాస్తయినా ఉసూరుమనాలి కదా. జాలిపడినవాళ్లు ఉసూరుమనలేదు. తాము తప్పించినా, దానంతటదే తప్పినా, వాళ్లకు ఒకేలా తేలికపడింది. వాళ్లకు కావలసింది అవతలివాళ్ల కష్టం తీరడమే, తీర్చిన చెయ్యి తమదా కాదా అన్నది కాదు.

మీ సంగతిలో ఇది పెట్టి చూసుకోండి. బ్లడ్ బ్యాంకు నుంచి ఫోన్ వచ్చింది, ఫలానా పేషెంటుకి మీ గ్రూపు కావాలి అన్నారు, మీరు బండి తీశారు. సగం దారిలో ఇంకో ఫోన్: వేరే దాత దొరికాడు, ఎక్కించేస్తున్నాం, మీరు రానక్కర్లేదు. ఆ క్షణంలో మీలో మొదట ఏది కదిలింది, హమ్మయ్య అనా, అయ్యో ఇంత దూరం వచ్చానే అనా? నిజం చెప్పాలంటే నాకు రెండూ కలిసే వచ్చేవి. మనిషిలో ఒకే ఉద్దేశం ఉండాలని ఎక్కడా లేదు, బాట్సన్ కూడా స్వార్థం లేదని ఎప్పుడూ అనలేదు. ఆయన అన్నది సహానుభూతి పుట్టినప్పుడు మాత్రమే, స్వార్థంగా విడగొట్టలేని ఉద్దేశం ఒకటి కూడా ఉంటుందని. మూడు నెలలకోసారి అలవాటుగా వెళ్లి, ఎవరికి వెళ్తుందో తెలియకుండా రక్తం ఇచ్చి వచ్చే రోజు సంగతి వేరు. అక్కడ కళ్లముందు ఎవరి కష్టమూ లేదు. అది కర్తవ్యం కావచ్చు, అలవాటు కావచ్చు, మీ ఫ్రెండు చెప్పే హాయి కూడా కావచ్చు. కాబట్టి ఆ ఒక్క ఉదాహరణలో వాడే గెలిచినా గెలవొచ్చు, ఉదాహరణ మార్చండి.

చాల్డీని అంతటితో ఊరుకోలేదు. 1997లో కొత్త వాదన తెచ్చాడు, ఈసారి కొంచెం లోతైనది. తనలాంటి మనిషి మీదే జాలి ఎక్కువ పుడుతుందని ఎలైన్ ప్రయోగమే చెప్తోంది కదా, అయితే మనం అవతలి మనిషిలో మనల్నే చూసుకుంటున్నామేమో, అప్పుడు వాళ్లకు చేసినా మనకు చేసుకున్నట్టే కదా అని. రెండు వృత్తాలు గీస్తారు, ఒకటి మీరు, ఒకటి వాళ్లు, ఎంత ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోయాయో గుర్తు పెట్టమంటారు. ముఖపరిచయం నుంచి స్నేహితుడు, కుటుంబసభ్యుడు దాకా వెళ్తుంటే వృత్తాలు దగ్గరవుతాయి, సాయమూ పెరుగుతుంది, ఆ కలయికని లెక్కలోంచి తీసేస్తే సహానుభూతికి పెద్దగా బలం మిగల్లేదని ఆయన అన్నాడు. అదే ఏడాది బాట్సన్ జవాబిచ్చాడు, వృత్తాలు కలవకుండానే సహానుభూతి సాయాన్ని పెంచుతోందని. నాకైతే చాల్డీని ఇక్కడ మాటని సాగదీశాడనిపిస్తుంది. అమ్మ పక్క మంచం ఆవిడ దాహం చూసి తాను నీళ్లు తాగేయలేదు, ఆవిడకే తాగించమంది. ఎవరికి దాహమో అమ్మకి బాగానే తెలుసు.

ఇంకో గందరగోళం కూడా తరచూ వస్తుంది కాబట్టి ఒక ముక్క. జన్యువులు స్వార్థపూరితం, పరిణామక్రమంలో సాయం లాభించింది కాబట్టే మిగిలింది, కాబట్టి మనం స్వార్థపరులం అంటారు కొందరు. ఆ గుణం మనలోకి ఎందుకు వచ్చిందన్నది ఒక ప్రశ్న, ఈ నిమిషంలో నా మనసు దేన్ని కోరుతోందన్నది ఇంకో ప్రశ్న. ఆకలి శక్తి కోసమే పుట్టి ఉండొచ్చు, ఆవకాయ అన్నం కలుపుతున్నప్పుడు ఎవరూ కేలరీల కోసం కలపరు.

ఇక ఇదంతా ఎంతవరకు నమ్మాలి. ఎలైన్ ప్రయోగంలో అందరూ ఒకే అమెరికన్ విశ్వవిద్యాలయం అమ్మాయిలు, గడికి 11 మంది, పరిస్థితి కట్టుకథ. ఇలాంటి ప్రయోగాల్లో చాలావాటిలో, ఒక గుంపుని ఆ మనిషికి ఎలా అనిపిస్తోందో ఊహించుకోండి అంటారు, ఇంకో గుంపుని భావాలు పక్కనపెట్టి తటస్థంగా వినండి అంటారు. ఊహించుకోమంటే జాలి పెరుగుతుందని అందరం పాఠాల్లో చెప్పుకుంటూ వచ్చాం. 2020లో మెకాలిఫ్, మెకల్లో వాళ్లు పాత అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, ఏ సూచనా ఇవ్వని వాళ్లకీ ఊహించుకోమన్న వాళ్లకీ పెద్ద తేడా లేదు, తటస్థంగా ఉండమన్నప్పుడే జాలి తగ్గుతోంది. అంటే బాట్సన్ సిద్ధాంతం పడిపోయిందని కాదు, జాలిని మనం పెంచుతున్నాం అనుకున్నచోట నిజానికి ఒక గుంపులో అణిచిపెడుతున్నామన్నమాట. నా నోట్సులో ఆ పేజీ మార్చుకోవాల్సి వచ్చింది.

చివరిగా, మీరు గెలిచే ముందు ఒక హెచ్చరిక. నిస్వార్థం నిజమని తేలితే అది మంచిదని కూడా తేలినట్టే అని మీరు అనుకోవచ్చు. 1995లో బాట్సనే ఈ ఆశ మీద నీళ్లు చల్లాడు. నయం కాని జబ్బుతో ఉన్న పదేళ్ల షెరి సమ్మర్స్ అనే పాప ఇంటర్వ్యూ వినిపించారు, అది కూడా కల్పితమే. కాస్త మెరుగ్గా బతకడానికి సాయపడే మందు కోసం ఆ పాప వెయిటింగ్ లిస్టులో ఉంది. కావాలంటే మీరు ఆమెని లిస్టులో ముందుకు జరపొచ్చు, అయితే ఆమెకన్నా ముందు దరఖాస్తు చేసినవాళ్లు, ఆమెకన్నా అవసరం ఎక్కువున్నవాళ్లు వెనక్కి పోతారు అని చెప్పారు. తటస్థంగా విన్నవాళ్లలో 33 శాతం జరిపారు. పాప బాధ ఊహించుకుంటూ విన్నవాళ్లలో 73 శాతం జరిపారు. స్వార్థం లేదు, వాళ్లకు దమ్మిడీ లాభం లేదు, న్యాయం కూడా లేదు. మీ ఫ్రెండ్ ఈ కథ వింటే ఇది కూడా పాప కోసం కాదు, తన హాయి కోసమే అంటాడేమో. అంటే మాత్రం ఒక్కటి అడగండి: ఏం కనిపిస్తే నువ్వు తప్పు అని ఒప్పుకుంటావు? చాల్డీని దగ్గర దానికి జవాబు ఉండేది, అందుకే బాట్సన్ ఆయనతో అన్నేళ్లు పోట్లాడాడు. మీవాడి దగ్గర లేకపోతే మీరు ఓడిపోతున్నది వాదనలో కాదు, వాడి మొండితనం ముందు.